బయటి అమ్మగారు

లోకంలో కుటుంబాలు రెండు విధాలు: రక్తం పంచుకునేవి, లాభం పంచుకోనివి. ఆప్యాయత రెండో రకంలోనే ఎక్కువ. దానికయ్యే ఖర్చు తక్కువ.

మందుల పెట్టెల మీద అతికించే లేబుళ్లను అచ్చువేసే ఒక కంపెనీ ఈ రెండో రకానికి చెందినది. అక్కడ అధిపతిని పెద్దనాన్నగారు అనాలి. సిబ్బందిలో సగం మందికంటే ఆయన వయసులో చిన్నవారే. అయితే ఆ ఇంట్లో వరసలు పుట్టిన తేదీని బట్టి కాక, చేతిలో ఉన్న షేర్లను బట్టి నిర్ణయమవుతాయి. సిబ్బంది వ్యవహారాలు చూసే ఆవిడ పిన్నిగారు. ఆమె గది తలుపు మీద 'ఆప్యాయతా విభాగం' అని రాసి ఉంటుంది. తలుపు మూసి ఉంటుంది. జీతం అన్న మాట మోటుగా ఉందని దానికి చేతిఖర్చు అని పేరు మార్చారు. ఎవరి చేతిఖర్చు ఎంతో మరొకరితో చెప్పుకోవడం ఇంటి గుట్టు రచ్చకెక్కించడం కిందికి వస్తుంది. పొద్దుపోయేదాకా చేసిన పనికి అదనంగా ఏమైనా ఇస్తారా అని అడిగినవారిని పెద్దనాన్నగారు ఒక్కటే ప్రశ్న వేసేవారు: "ఇంట్లో గిన్నెలు కడిగితే మీ అమ్మ డబ్బులిస్తుందా?" (ఆ గిన్నెలు అద్దెకిచ్చి మా అమ్మ కొత్త కారు కొనుక్కోలేదు కదండీ అని ప్యాకింగు విభాగపు బావగారు ఒకరు అన్నారు. ఆయన ప్రస్తుతం వేరే కుటుంబంలో ఉన్నారు.)

ఆ ఇంట్లో అక్కయ్య అనబడే ఆవిడ తనిఖీ విభాగం చూసేది. లేబులు అచ్చుకు వెళ్లేముందు ఆఖరున చూసే కళ్లు ఆమెవే. మోతాదు అంకెలో చుక్క ఒక గడి జరిగితే దాన్ని అచ్చుతప్పు అనరు, ఆపద అంటారు. ఒకప్పుడు ఆ పనికి ముగ్గురుండేవారు. ఇద్దరు వెళ్లిపోయాక, ఇల్లు కష్టకాలంలో ఉందన్న కారణంగా వారి కుర్చీలను ఖాళీగానే ఉంచి, మూడు బల్లల పనినీ అక్కయ్యకు ముద్దుగా అప్పగించారు. గుర్తింపుగా ఆమె హోదాను 'మహా అక్కయ్య'గా పెంచారు. చేతిఖర్చు మాత్రం ఆ గౌరవానికి కళంకం తేకుండా ఉన్నచోటే ఉండిపోయింది.

చివరికి సాయానికని ఒక తమ్ముణ్ణి తెచ్చారు. అతనికింకా ఇంటి పద్ధతులు తెలియవు కనుక, టీ మిషను దగ్గర తన జీతమెంతో చెప్పేశాడు. వరసకు తమ్ముడే గాని చేతిఖర్చుకు అన్న అని తేలింది. అక్కయ్య వెళ్లి పిన్నిగారిని అడిగింది.

"అతను బయటినుంచి వచ్చాడమ్మా, బజారు ధర ఇవ్వక తప్పదు," అంది పిన్నిగారు జాలిగా. "నువ్వలా కాదు. నువ్వు మన పిల్లవి."

మన పిల్ల కావడంలోని ఖరీదు అక్కయ్యకు ఆనాడు కొంత అర్థమయింది. మిగతాది ఆమె తల్లికి తుంటి ఆపరేషను రాసినప్పుడు అర్థమయింది.

తల్లికి ఆమె ఒక్కతే. కోతకు ఆ పెద్దావిడ భయపడలేదు. మత్తు దిగి కళ్లు తెరిచేటప్పుడు ఎదురుగా తెలియని మొహాలు ఉంటాయేమోనని భయపడింది. "కళ్లు తెరిచేసరికి నువ్వు కనబడు తల్లీ, ఇంకేం అడగను," అంది. అక్కయ్య మాటిచ్చింది. ఆ రోజుకు సెలవు కావాలని పిన్నిగారి తలుపు తట్టింది.

"అమ్మగారంటే?" అని పిన్నిగారు కళ్లజోడు సర్దుకుంది. "బయటి అమ్మగారా?"

"నన్ను కన్న అమ్మండీ."

"అదే, బయటి అమ్మగారు. కుటుంబంలో అవసరమొస్తే సెలవుంది. కుటుంబమంటే మనమే కదా. బయటి బంధువుల సంగతి రూల్సులో లేదు."

"పోనీ, కంపెనీ ఇన్సూరెన్సులో అమ్మ పేరు చేర్చచ్చా పిన్నిగారూ?"

"ఇన్సూరెన్సుకి నువ్వు ఉద్యోగివి, అక్కయ్యా. ఉద్యోగి ఒక్కరికే వర్తిస్తుంది. సెలవుకి మాత్రం బిడ్డవి. రెండూ కలిపేసి కంగారుపడకు."

ప్రతి నెలా జరిగే కృతజ్ఞతా సభ మర్నాడే వచ్చింది. (అందులో ఉద్యోగులు కంపెనీకి కృతజ్ఞత తెలుపుతారు. ఎదురు కృతజ్ఞతకు ఇంతవరకు సమయం చాలలేదు.) పెద్దనాన్నగారు మైకు పట్టుకుని, పెద్ద ఆర్డరు వచ్చిందనీ, ఆ వారం ఇంట్లో ఎవరూ గడప దాటరని తన నమ్మకమనీ చెప్పి, గొంతు గద్గదం చేసుకున్నారు. గడప దాటని ఆ వారంలోనే ఆపరేషను రోజు ఉంది. అక్కయ్య లేచి నిలబడింది.

"పెద్దనాన్నగారూ, ఆ వారంలో మా అమ్మకి ఆపరేషను. మనం కుటుంబమన్నారు కదా. మరి అమ్మ పక్కన కూర్చోడానికి మనింట్లోంచి ఎవరొస్తారండీ?"

పెద్దనాన్నగారు పిన్నిగారి వైపు చూశారు. పిన్నిగారు తన చెప్పుల వైపు చూసుకుంది. నాలుగు వందల కళ్లు తన మీద ఉన్నాయని గ్రహించి, పెద్దనాన్నగారు చేయి గుండెకు ఆనించుకున్నారు.

"అదేం మాటమ్మా? నువ్వు వెళ్లు. మీ అమ్మ మాకు అమ్మ కాదా? ఆ రోజు కుటుంబమే నీ దగ్గరికి వస్తుంది."

చప్పట్లు మోగాయి. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు.

కుటుంబం చెప్పిన మాట ప్రకారమే వచ్చింది. తల్లిని లోపలికి తీసుకెళ్లిన కాసేపటికి కొత్త తమ్ముడు ఆసుపత్రి వరండాలో ప్రత్యక్షమయ్యాడు. చంకలో లాప్‌టాప్ ఉంది.

"తిట్టకండి అక్కయ్యా," అన్నాడు. "ఆర్డరంతా ఇందులో ఉందిట. మీరు చూస్తే గాని మిషను తిప్పరట. చిన్నపిల్లల జ్వరం మందు."

"నువ్వు చూడలేవా?"

"చూశాను. చుక్క ఎక్కడుండాలో నాకింకా ధైర్యం చాలట్లేదు."

అక్కయ్య కాదనేదే. కాని ఆ చుక్క తాలూకు మందు ఎవరి పిల్లలో తాగుతారు. కంపెనీవారు ఇన్నేళ్లుగా విశ్వాసమని పిలుస్తున్నది ఆమెలోని ఈ భయాన్నే. వరండా చివర ప్లగ్గు ఉన్నచోట కూర్చుని తెరిచింది. లేబులు తరవాత లేబులు వస్తూనే ఉంది. మధ్యలో పిన్నిగారు ఫోను చేసి, "అమ్మగారు ఎలా ఉన్నారు? పదిహేనో పేజీ అయిందా?" అని ఒకే ఊపిరిలో పరామర్శించింది.

పదిహేనో పేజీలో చుక్క నిజంగానే జరిగి ఉంది. దాన్ని సరిచేసి, మిగతావీ చూసి, అక్కయ్య తలెత్తేసరికి థియేటరు తలుపు దగ్గర కూర్చోబెట్టిన తమ్ముడు అక్కడ లేడు. నర్సు వచ్చి పేషెంటు తాలూకు ఎవరని కేకేస్తే, ప్లగ్గు దగ్గరికి ఆ కేక చేరక, అతనే లోపలికి వెళ్లాడు.

ఆమె పరుగున వెళ్లింది. తల్లి కళ్లు తెరిచే ఉంది. ఎవరో తెలియని కుర్రవాడి చేతిని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"వచ్చావా," అంది తల్లి. గొంతులో నిష్ఠూరం లేదు. "పనిలో ఉన్నావట కదా. ఈ బాబు చెప్పాడులే. మంచివాడు. మనకేమవుతాడు?"

అక్కయ్య లాప్‌టాప్ మూసి తమ్ముడి చేతికిచ్చింది. రాజీనామాను అక్కడినుంచే ఫోనులో ఒక్క వాక్యంగా పంపింది.

పెద్దనాన్నగారు వెంటనే ఫోను చేశారు. "ఇంట్లోంచి వెళ్లిపోతానంటావా? మమ్మల్ని ఇంత మాటంటావా?" అని చాలాసేపు బాధపడ్డారు. బాధ పూర్తయ్యాక, ఒప్పందం ప్రకారం మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలని గుర్తు చేశారు. (కుటుంబమే పంపించదలిస్తే ఆ సాయంత్రం చాలు.)

ఆ మూడు నెలలూ అక్కయ్య వేళకు వచ్చి వేళకు వెళ్లింది. సాయంత్రం బ్యాగు సర్దుకునేటప్పుడు అందరూ ఆమెను ఇల్లు వదిలి లేచిపోతున్న పిల్లను చూసినట్టు చూశారు. చుక్క ఎక్కడుండాలో తమ్ముడికి నేర్పింది. నేర్చుకున్న వారానికి అతను కూడా రాజీనామా పంపాడు.

కంపెనీ ఈ అనుభవంనుంచి గుణపాఠం నేర్చుకుందని చెప్పడానికి సంతోషంగా ఉంది. ఆప్యాయతా విభాగం కొత్త ప్రకటన గేటు దగ్గర ఇప్పటికీ వేలాడుతోంది: "మా కుటుంబంలోకి ఒక అక్కయ్య కావలెను. తల్లిదండ్రులు లేనివారికి ప్రాధాన్యం."