అసలైనవాళ్ళ వనభోజనం

శనివారం పొద్దున్న కాఫీ కలుపుతూ కమలాదేవి మర్నాటి కార్యక్రమాన్ని మనసులో మరోసారి వల్లె వేసుకుంది. సూరత్‌లోని తెలుగు మిత్రమండలి కార్తీక వనభోజనం. పల్సానా దారిలో కోమలి స్నేహితురాలి తోట ఉంది, అందులో ఉసిరిచెట్టు ఉంది. ఆల్థాన్ నుంచి భానుప్రకాశ్ తన వ్యానులో గుండిగలూ పెద్ద పొయ్యిలూ తెస్తాడు. జోల్వాలో మగ్గాల షెడ్డు చూసుకునే సదానందం వంట చేస్తాడు. ఆమె చేయవలసింది విస్తరి ముందు కూర్చోవడం ఒక్కటే. ఏడాదిలో ఆమె గరిట పట్టని రోజు అదొక్కటే. పండగలకు ఆఫీసులన్నిటికీ సెలవిచ్చే లోకం వంటింటికి మాత్రం ఓవర్‌టైం ఇస్తుంది.

ఆమె భర్త రామలింగేశ్వరరావు హజీరాలో ఒక కర్మాగారంలో మేనేజరు. ఆ మిత్రమండలికి అధ్యక్షుడు కూడా. ఈ రెండో పదవిలో జీతం లేదు గాని, ఎవరూ మాటకు అడ్డు రారు.

కాఫీ చల్లారకముందే ఎదురు ఫ్లాట్ భాగీరథీబెన్ గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. "రేపు నేనూ మావారూ వస్తున్నాం భాయీసాబ్. పోయినసారి మీవాళ్ళ పప్పు ఎంత బాగుందో! అచ్చం మా దాల్‌లాగే కాస్త తియ్యగా" అని హిందీలో మెచ్చుకుని వెళ్ళింది.

రావుగారి ముఖం చూస్తే ఆవిడ తిట్టి వెళ్ళిందనుకోవాలి.

"తియ్యగానా! తెలుగువాడన్నవాడెవడూ పప్పులో బెల్లం వెయ్యడు!"

"మంచిమాటే అంది కదండీ, వదిలేయండి."

వదిలేయడం అధ్యక్షుల పని కాదు. అదే వాక్యాన్ని ఆయన మండలి వాట్సాప్ గ్రూపులో, స్వయంగా తన గొంతుతో పెట్టాడు.

కాసేపటికే భానుప్రకాశ్ ఫోన్ చేశాడు. స్పీకర్ వేసి మాట్లాడటం రావుగారి అలవాటు. ఇంటివాళ్ళు వినకపోతే ఆయనకు మాట్లాడినట్టుండదు.

"సార్, మేం వేస్తాం సార్. శ్రీకాకుళంలో మా అమ్మ వేసేది, ఇక్కడ మా ఆవిడ వేస్తోంది. మరి మేం తెలుగువాళ్ళమే కదా?"

రావుగారు ఒక్క క్షణమే ఆలోచించాడు. "నేనన్నది అసలైన తెలుగువాడు అని భానూ. మీది సరిహద్దు జిల్లా. గాలి అటూ ఇటూ వీస్తుంది."

కమలాదేవి గుమ్మంలోనే నిలబడింది. పొద్దుటి మాటలో 'అసలైన' లేదు. అది టికెట్టు లేకుండా దారి మధ్యలో బండెక్కింది.

"అలాగే సార్. మరి సరిహద్దు గుండిగల్లో అసలైన పప్పు ఉడుకుతుందో లేదో. వ్యాను ఇంటి దగ్గరే ఉంచుతాను" అని భానుప్రకాశ్ పెట్టేశాడు.

"ఏమండీ, గుండిగలు పోయాయి."

"గుండిగలు ఎక్కడైనా దొరుకుతాయి. సిద్ధాంతం దొరకదు." ఆయన గ్రూపులో మరో ముక్క పెట్టాడు: రేపటి భోజనం అసలైన తెలుగువాళ్ళ పద్ధతిలోనే. చదివినవాళ్ళు దాన్ని భోజనం అసలైనవాళ్ళకే అని అర్థం చేసుకున్నారు. 'మేం టమాటా పప్పులో చక్కెర వేస్తాం, రావచ్చా?' అని ఒకరు, 'మావాడు కెచప్ వేసుకుంటాడు, గేటు దగ్గర వదిలేసి రావాలా?' అని ఒకరు.

భానుప్రకాశ్ సరిహద్దు సంగతి కూడా గ్రూపులో పెట్టేశాడు. తర్వాత కోమలి ఫోన్. "అంకుల్, మా ఇంట్లో పప్పు మీఠీ హీ బన్‌తీ హై, తియ్యగానే. మాది విజయనగరం కాదు, శ్రీకాకుళం కాదు, నాన్నగారిది నెల్లూరు. ఇప్పుడు మేం రావాలా వద్దా?"

"నువ్వు సూరత్‌లో పుట్టావు తల్లీ. అసలైన తెలుగువాళ్ళంటే అక్కడ పుట్టి అక్కడ పెరిగినవాళ్ళు."

"ఓకే అంకుల్. తోట కూడా ఇక్కడే పుట్టింది. దాన్నీ పిలవొద్దులెండి."

చెట్టు పోయింది. కోమలి కూడా తనకొచ్చిన జవాబును గ్రూపులో పెట్టింది. ఆ వెంటనే సదానందం ఫోన్.

"నమస్తే సార్. గ్రూపుల చదివిన, సమజ్ కాలే. నేను పుట్టింది పెరిగింది సిరిసిల్ల కాడ. సరిహద్దు కాదు, సూరత్ కాదు. పప్పుల జర బెల్లం ఏస్త. పోయినసారి గట్లనే ఏసిన, మీరు మారు పెట్టిచ్చుకుంటిరి. మరి నేనేంది సార్?"

రావుగారు గొంతు సవరించుకున్నాడు. "పుట్టుక ఒక్కటే చాలదు సదానందం. అసలైన తెలుగువాడంటే నాలుకను కాపాడుకున్నవాడు. నీకు ఇక్కడి నీళ్ళు పడ్డాయి."

"నా నాలిక ఖరాబైందంటరా? మంచిది సార్. మరి ఖరాబ్‌గాని నాలికలోళ్లతోనే వండిపిచ్చుకోండ్రి. గీ ముచ్చట మా ఇంటామె మంగకు చెప్తే పొద్దుగూకేదాంక నవ్వుతది."

ఫోన్ బల్లమీద పెట్టి రావుగారు విజేతలా వెనక్కి వాలాడు. తన మాట ఒక్కరూ కాదనలేకపోయారు. కాదన్నవాళ్ళంతా తెలుగువాళ్ళు కాకుండా పోయారు.

"సదానందం అసలైన తెలుగువాడు కాదని మీకెలా తెలిసింది?" అంది కమలాదేవి.

"బెల్లం వేస్తున్నాడుగా."

"అసలైన తెలుగువాళ్ళు బెల్లం వెయ్యరని ఎలా తెలిసింది?"

"వేసినవాడు ఒక్కడైనా ఉన్నాడా చూపించు!"

"చూపించిన ప్రతివాణ్ణీ మీరు గేటు బయటికి పంపేస్తుంటే ఇంకెవరు మిగులుతారండీ?"

"శాకాహారి చేప తింటే శాకాహారి కాదంటాం. ఇదీ అంతే."

"చేప తినకపోవడం శాకాహారి అన్న మాటలోనే ఉంది. తెలుగువాడన్న మాటలో బెల్లం ఎక్కడుంది? సరిహద్దు లెక్కలోకి రాదని భాను ఫోన్ చెయ్యకముందు చెప్పారా? సూరత్‌లో పుట్టినవాళ్ళు కారని కోమలి మాట్లాడకముందు చెప్పారా? ఎదురుదెబ్బ తగిలినప్పుడల్లా కొత్త షరతు పుడుతోంది."

రావుగారికి తర్కం రుచించనప్పుడు పరిపాలన గుర్తొస్తుంది. "సరేలే. రేపు వంట ఇంట్లోనే. ఎంతమంది వస్తారు, ఓ యాభైమంది. నువ్వు వండేసెయ్."

కమలాదేవి వంటింట్లోకి వెళ్ళి దోసకాయ తరగడం మొదలుపెట్టింది. ఆ తరిగే చప్పుడు విని ఉంటే మరొకరైతే జాగ్రత్తపడేవారు.

మధ్యాహ్నం రావుగారు పప్పన్నం కలిపి కళ్ళు మూసుకున్నాడు. "ఆహా! ఇదీ పప్పంటే. రేపు అందరికీ ఇదే తినిపించు, బుద్ధొస్తుంది."

కమలాదేవి మూత తీసిన డబ్బా తెచ్చి కంచం పక్కన పెట్టింది. అందులో బెల్లం ఉంది. ఒక మూల గీరినచోట ఇంకా తడి ఆరలేదు.

"నువ్వా!" అన్నాడు రావుగారు.

"పెళ్ళైనప్పటినుంచీ. నేనూ అసలైనదాన్ని కానట్టే కాబట్టి రేపటి వంటకు నేనూ పనికిరాను."

"నువ్వు ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో..."

"నేర్పింది మీ అమ్మగారు. తెనాలిలో."

ముద్ద ఆయన నోటి దగ్గర ఆగిపోయింది. ఆవిడది సరిహద్దు కాదు. తెనాలి దాటి కాలు బయట పెట్టలేదు. నాలుక సంగతి చెప్పనక్కర్లేదు, ఇప్పటికీ ఫోన్‌లో అల్లుళ్ళందరినీ అదుపులో పెడుతోంది. అమ్మను గేటు బయటికి పంపడానికి ఏ షరతూ దొరకలేదు. దొరికినా చెప్పే ధైర్యం లేదు. చివరికి తెలుగువాణ్ణి వదిలిపెట్టి బెల్లం మీద పడ్డాడు.

"పులుపు విరగడానికి వేసే చిటికెడు... అది అసలైన బెల్లం కిందికి రాదు."

కమలాదేవి చటుక్కున ఆయన ఫోన్ తీసి, గ్రూపు తెరిచి, గొంతు రికార్డయ్యే గుర్తు నొక్కి పట్టుకుంది. "ఆ మాట మళ్ళీ అనండి. లేకపోతే అత్తయ్యగారికి ఫోన్ చేస్తాను."

ఆయన అన్నాడు. భానుప్రకాశ్, కోమలి, సదానందం కూడా పులుపు విరగడానికే వేస్తారు కాబట్టి, ఆ ఒక్క వాక్యంతో అందరూ మళ్ళీ తెలుగువాళ్ళయిపోయారు. క్షమించమని కూడా ఆమె పక్కనుంచి అందిస్తే అప్పజెప్పాడు. వ్యాను వచ్చింది, తోట వచ్చింది. సదానందం ఒక్క మాట పంపాడు: "అస్త సార్. మేడంను మాత్రం గరిట ముట్టనియ్యకుండ్రి."

ఆదివారం ఉసిరిచెట్టు కింద సదానందం పట్టుదలకు పోయి పప్పులో బెల్లం వెయ్యలేదు. భాగీరథీబెన్ ఒక ముద్ద తిని మొహం చిట్లించింది. "ఇది దాలేనా? గుజరాతీవాడెవడూ తీపి లేని దాల్ ముట్టడు."

పక్కనే ఆవిడ భర్త అదే పప్పు మూడోసారి వడ్డించమని గిన్నె చాపాడు. రావుగారు ఆనందంగా వేలు చూపించాడు. "మరి భాయీసాబ్?"

"ఆయనా? గుజరాత్‌లోనే గాని, అటు చివర భావ్‌నగర్ మనిషి" అంది భాగీరథీబెన్. "అసలు గుజరాతీ కాదు."

న్యాయం చెప్పమన్నట్టు ఇద్దరూ కమలాదేవి వైపు తిరిగారు గాని, ఆ రోజు ఆమెకు సెలవు.