స్కూటర్ మీద మూడు నేరాలు

ఆ ఉదయం గొడవ తువ్వాలు దగ్గర మొదలైంది. తుక్కుకి వెళ్ళబోయే స్కూటర్‌ని తుడవడానికి లక్ష్మీనరసింహం మాస్టారు బీరువాలోంచి కొత్త తువ్వాలు తీశారు.

"అది మొన్న అన్నవరంలో కొన్నది. పాతగుడ్డ కిటికీ మీద ఉంది," అంది ఆయన భార్య జగదీశ్వరి.

"ముప్పై ఆరేళ్ళు మనల్ని మోసినదాన్ని పాతగుడ్డతో తుడిచి పంపిస్తామా?"

"పదింటికి ఎల్లాజీ వచ్చి తీసుకుపోయి సుత్తితో కొడతాడు. తుడిచింది కొత్తదో పాతదో సుత్తికి తెలియదు."

మాస్టారు కొత్త తువ్వాలుతోనే తుడిచారు. జగదీశ్వరి ఆ తువ్వాలును అక్కడికక్కడే పాతగుడ్డల్లో చేర్చేసింది.

ఆయన మోకాలికి ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇక జన్మలో కిక్కు కొట్టవద్దని చెప్పారు. కొడుకు విశ్వనాథ్‌కి వేరే బండి ఉంది. స్కూటర్ కాళ్ళు పెట్టుకునే చోట రేకుని తుప్పు తినేసి, కింద రోడ్డు కనిపిస్తోంది. కాబట్టి ఆ రోజు ప్రణాళిక చాలా సులువు. పాత ఇనుము కొట్టు ఎల్లాజీ వస్తాడు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీస్తాడు. బండి కోశాక నంబరున్న ముక్క తెచ్చి ఇస్తాడు. అది పట్టుకెళ్ళి రవాణా ఆఫీసులో రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. అంతే.

కానీ మాస్టారు వీడ్కోలు ఉత్తరం రాశారు.

ఆయన తాతగారు విజయనగరంలో ఒక గుడిలో పురాణం చెప్పేవారు. ఏటా ఉత్సవం ఆఖరి రోజున దేవుణ్ణి నోరారా తిట్టి పొగడడం ఆ ఇంటి వంతు. ఆ నిందాస్తుతికి రెండు నియమాలుండేవి. తిట్టిన తిట్టు విప్పిచూస్తే లోపల పొగడ్త కనబడాలి. తిట్టింది నిజమై ఉండాలి. లేని తప్పు అంటగడితే అది ఉత్త నింద అవుతుంది, దేవుడి దాకా పోదు. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పిన మాస్టారికి ఇంతకాలానికి తిట్టదగిన దైవం దొరికింది.

పదింటికి ఎల్లాజీ ఆటో ట్రాలీతో వచ్చాడు. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, "ఒక్క అయిదు నిమిషాలు," అని గేటు దగ్గర నిలబడి చదవడం మొదలుపెట్టారు.

"ఓ నిర్లజ్జా! ముప్పై ఆరేళ్ళు నా గోడ పక్కన నిలబడి ఒక్క నెల అద్దె కట్టిన పాపాన పోలేదు. పక్కకు వంచితేగాని లేవవు. లేస్తే వీధి మొత్తానికి చెప్పకుండా కదలవు. గేర్లు నాలుగున్నా నీకు నచ్చినవి రెండే. నీ మీద నీకే నమ్మకం లేక వెనకాల ఒక చక్రం కట్టుకు తిరిగావు. నన్నూ, నా భార్యనూ, ముందు నిలబెట్టిన పిల్లవాణ్ణీ, గ్యాస్ బండనూ ఒక్కసారే మోశావు. నిన్ను గాడిద అందామంటే, గాడిద అంత పని మాత్రం చేయదు..."

జగదీశ్వరి నవ్వింది. ఎల్లాజీ కూడా నవ్వాడు. "బాగా తిడతన్నారు మాస్టారూ, తిట్టండి తిట్టండి," అన్నాడు.

"నీ నేరాలు మూడు. ఒకటి, హెడ్మాస్టరుగారి ఎదురుగా, దసరా మర్నాడు, బ్రేకు పడక నన్ను కాలవలో వేశావు. రెండు, నీ పొగతో వీధిలో పసిపిల్లలకు దగ్గు తెప్పించావు. మూడు..."

మాస్టారు కాగితాన్ని కళ్ళకు ఇంకాస్త దగ్గరగా తెచ్చుకున్నారు.

"మూడు, కొత్తవలసలో నా తల్లి చివరి ఊపిరి తీస్తున్న తెల్లవారుజామున, ముందురోజు పోయించిన రెండు లీటర్లు తాగేసి, ఊరు ఇంకా అయిదు కిలోమీటర్లుందనగా కల్వర్టు దగ్గర పడుకున్నావు. ఆమె నోట్లో తులసితీర్థం పోయనివ్వలేదు. హంతకివి."

జగదీశ్వరి నవ్వు ఆగిపోయింది. మిగిలిన తిట్లన్నీ తిరగేస్తే లోపల పొగడ్త ఉంది. దీన్ని ఎటు తిప్పినా తిట్టే కనబడుతోంది. పైగా ఆమెకు తెలిసిన సంగతి ఒకటుంది. అత్తగారు పోయిన ఆ ఉదయం, భర్త బయలుదేరాక, స్కూటర్ నిలిపిన చోట గచ్చు మీద ఆమె చీపురుతో ఊడ్చింది సముద్రపు ఇసుక. పందొమ్మిదేళ్ళుగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కొడుకు వైపు చూసింది. విశ్వనాథ్ స్టెప్నీ చక్రంకేసి చూస్తున్నాడు.

ఎల్లాజీ ట్రాలీ మీంచి తాడు వెనక్కి తీసుకున్నాడు.

"ఏటి మాస్టారూ, ఈ బండి మీద సావు కేసున్నాదా?"

"కేసేవిటోయ్! అది నిందాస్తుతి."

"అదేటో నాకు తెల్దు. హంతకి అని మీరే సదివినారు. పోయినేడు ఇలాగే ఓ మోపెడ్ కొన్నాను. మూడ్రోజులు నన్ను స్టేషన్లో కూకోబెట్టేసినారు. ఛాసిస్ ముక్క కోసేక పోలీసోళ్ళొస్తే ఏటి సూపించను? నా బుర్ర సూపించనా?"

అప్పుడే చేపల తట్టతో వీధిలో వెళుతున్న కూర్మమ్మ ఆగింది. "ఏటయ్యింది బాబూ? మాస్టారి స్కూటరు ఎవల్నేనా గుద్దేసిందేటి?"

"ఎవర్నీ గుద్దలేదమ్మా, నువ్వెళ్ళు," అన్నారు మాస్టారు.

"మాస్టారి అమ్మనంట!" అన్నాడు ఎల్లాజీ.

"ఓలమ్మోలమ్మ! కన్నతల్లినే!" అని కూర్మమ్మ తట్ట దించి అరుగు మీద చతికిలబడింది. పది నిమిషాల్లో గేటు ముందు ఏడుగురు చేరారు. అందులో ఇద్దరు స్కూటర్ ముందు చక్రం మీద రక్తపు మరకలు వెతుకుతున్నారు. ఒకరికి దొరికింది కూడా. అది తుప్పు.

"సంతకం పెట్టి రాసియ్యండి, బండిది తప్పు లేదని," అన్నాడు ఎల్లాజీ. "మూడు నేరాలకీ. లేపోతే ఖాళీ ట్రాలీ తోలుకుపోతాను."

అలా, తిట్టడానికి నిలబడ్డ మాస్టారు తిట్టించుకున్నదాని తరఫు వకీలు కావలసి వచ్చింది. ఉత్తరం తిరగేసి, వెనకవైపు కలం పెట్టారు.

"మొదటిది కాలవ. అది... బ్రేకు పనిచేయకపోవడం..."

"బ్రేకు బాగానే ఉంది," అంది జగదీశ్వరి. "దసరా పూజకి మెరవాలని బ్రేకు పెడలు రబ్బరుకి కొబ్బరినూనె రాశాను. మీ కాలు జారింది."

మాస్టారు కళ్ళజోడు మీంచి చూశారు. "ఇరవై ఎనిమిదేళ్ళకి చెబుతున్నావా?"

"ఇరవై ఎనిమిదేళ్ళూ మీరు దాన్నే తిట్టారు. నన్నడగలేదు."

ఎల్లాజీ ఈలోగా సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి బయటకు తీశాడు. వేలు నల్లగా, జిడ్డుగా ఉంది. "పొగ సంగతి నాను సెప్తాను. మాస్టారూ, పెట్రోల్లో ఆయిలు ఎంత కలిపీవోరు?"

"లీటరుకి ఇంతని మెకానిక్ చెప్పాడు. వయసు మీద పడింది కదా అని నేను రెట్టింపు పోసేవాణ్ణి."

"అదే మరి. సగం కాలతాది, సగం పొగయిపోతాది. దానికి దగ్గు మీరే తెప్పించీసినారు."

గుంపులో ఎవరో నవ్వారు. మాస్టారు నవ్వలేదు. రెండో నేరానికి ఎదురుగా తన పేరు తానే రాసుకున్నారు. ఇక మూడోది మిగిలింది.

"ఇది మాత్రం దానిదే," అన్నారాయన. "సాయంత్రం నాలుగింటికి రెండు లీటర్లు పోయించాను. తెల్లారి కల్వర్టు దగ్గర ఆగిపోయింది. సీటు కింద మీట రిజర్వుకి తిప్పుదామని చూస్తే అప్పటికే రిజర్వులో ఉంది. మూత తీస్తే ట్యాంకు అడుగు కనబడుతోంది. తాగిందనక ఏమనాలి?"

"మీట దాని కదే తిరగదు మాస్టారూ," అన్నాడు ఎల్లాజీ.

ఎల్లాజీ మామూలుగానే అన్నాడు. తాను ఏం అన్నాడో అతనికి తెలియదు.

"మూడోదానికి రాసియ్యపోతే నాను ఎల్పోతున్నాను," అని తాడు చుట్టసాగాడు.

వెళ్ళనిస్తే ఏ గొడవా లేదు. బండి గోడ పక్కనే ఉంటుంది, నేరం దాని మీదే ఉంటుంది. జగదీశ్వరి ఆ క్షణంలో అదే కోరుకుంది. కోరుకున్నందుకు సిగ్గుపడింది కూడా.

"ఉండు ఎల్లాజీ," అన్నాడు విశ్వనాథ్. ముప్పై ఆరేళ్ళవాడు, గొంతు మాత్రం ఇంటర్ చదివే కుర్రాడిది. "నాన్నా, ఆ సాయంత్రం మీరు గుడికి వెళ్ళినప్పుడు నేను తీసుకెళ్ళాను. భోగాపురం బీచికి. పోనూ రానూ యాభై కిలోమీటర్లు. వస్తూ దారిలో ఆగితే రిజర్వుకి తిప్పాను. మర్నాడు పోయిద్దాంలే అనుకున్నాను. తెల్లారకుండానే ఫోనొచ్చింది."

కూర్మమ్మ తట్ట నెత్తికెత్తుకుని, "పదండెహే, బండిది తప్పు కాదంట," అంటూ గుంపుని తోలుకుపోయింది. ఇక మీదటిది ఇంటివాళ్ళ మాటని ఆమెకు ఆ మాత్రం తెలుసు.

మాస్టారు కాగితాన్ని స్కూటర్ సీటు మీద పరిచారు. తర్వాత "ఈ వాహనమునకు మూడు నేరములతోనూ సంబంధము లేదు" అని రాసి, సంతకం చేసి ఇచ్చారు. ఎల్లాజీ దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ముందువైపు తిట్లు, వెనకవైపు తీర్పు. స్కూటర్‌ని పక్కకు వంచి ట్రాలీ ఎక్కించారు. అలవాటుగా కాసింత ఆయిలు గచ్చు మీద కార్చి అది వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నారు. జగదీశ్వరి పప్పు వడ్డించింది. కొడుకు అన్నం కలపకుండా కూర్చున్నాడు.

"నాన్నా, నా వల్లే కదా..."

"తిను," అన్నారు మాస్టారు. "పెట్రోలు అయిపోయిన పది నిమిషాలకి కొత్తవలస బస్సు వచ్చింది."

జగదీశ్వరి గరిటె ఆగింది.

"డ్రైవరు నా పాత స్టూడెంటు. బస్సు ఆపి, రండి మాస్టారూ అన్నాడు. స్కూటర్ వదిలి రాలేనన్నాను. గంటసేపు కల్వర్టు మీద కూర్చున్నాను. అయిదు కిలోమీటర్లు, నడిచినా చేరేవాణ్ణి." నీళ్ళు తాగారు. "అమ్మ ఎగశ్వాసతో ఉందని తమ్ముడు ఫోనులో చెప్పాడు. అది చూడలేనని తెలిసింది. అంతా అయిపోయాక వెళ్ళాను. అప్పట్నించీ, ఈ డొక్కు అంతదూరం రాదని చెప్పి, ఆ ఊరే మానేశాను."

జగదీశ్వరి ఆయన వైపు చూసింది. మూడో తిట్టు విప్పితే లోపల ఎందుకు ఏమీ లేదో ఇప్పుడు అర్థమైంది. తిట్టింది నిజమై ఉండాలన్న రెండో నియమం తప్పింది.

విశ్వనాథ్ తల వంచుకుని అన్నం కలిపాడు. కలిపిందే మళ్ళీ కలిపాడు. ఆమె వాడి విస్తరిలో నెయ్యి వేసింది, తర్వాత ఆయన విస్తరిలో. ఇద్దరికీ ఒకే గరిటెడు.

"ఈ నెలాఖరుకి అమ్మ తిథి," అన్నారు మాస్టారు, చేయి కడుక్కోకుండానే. "ఈ ఏడు కొత్తవలసలో, తమ్ముడింట్లో పెడతాను. ముగ్గురం వెళుతున్నాం. బస్సులో."

బస్సు దారిలో ఆగిపోతే ఎవర్ని తిట్టాలన్నది మాత్రం ఆ పూట ఎవరూ అడగలేదు.