నదికి పదహారు టీఎంసీలు

బుధవారం పదిన్నరకు నది స్వయంగా నీళ్ళ ట్రిబ్యునల్ ఆఫీసుకు వచ్చి, తనకూ కాస్త వాటా ఇప్పించమని అర్జీ పెట్టుకుంది. బల్ల తడుస్తుందని అటెండరు గోనెసంచి పరిచి కూర్చోబెట్టాడు. "ఏ రాష్ట్రం తరఫున?" అని అడిగాడు గుమస్తా. పుట్టింది ఎగువన, సముద్రంలో కలిసేది దిగువన అని చెప్పింది నది. అయితే స్థానికత లేదని రాసుకుని, సాక్షిని పిలిచాడు.

సాక్షి గరికిన పోలయ్య, దిగువ రాష్ట్రం ఉద్యోగి. సరిహద్దు దగ్గర రోజూ ఎగువ వాళ్ళ మనిషితో కలిసి నీటిమట్టం చూసి సంతకం పెడతాడు. అతని ఊరు నదీముఖం దగ్గర. మూడేళ్ళుగా పైనుంచి నీళ్ళు రాక, సముద్రం ఎదురెక్కి, ఊరి మంచినీళ్ళ బావి ఉప్పుతేలింది. ఆ బావి కోసమే సెలవు పెట్టి నదిని వెంటబెట్టుకొచ్చాడు.

వకీళ్ళిద్దరికీ ఆ రోజు పర్యావరణం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "కిందికి ఇడిస్తే సగం తొవ్వలనే ఆవిరైతది. మా జలాశయంల చేపలు, కొంగలు ఏం కావాలె?" అన్నాడు ఎగువ వకీలు. దిగువ వకీలు ఎండిపోతున్న మడ అడవుల ఫొటోలు చూపి కళ్ళొత్తుకున్నాడు. ఆ మడలకు పైనున్న ఆనకట్ట తలుపులు మూసి, నీళ్ళను పక్క నది పరీవాహకానికి తోడుకుపోతున్నది తమ ప్రభుత్వమేనని పోలయ్యకు తెలుసు. అతనికి ఒళ్ళు మండిపోయింది.

"ఆ తలుపులు ఒక్క అడుగెత్తండి బాబూ, మా బావి తియ్యబడిపోద్ది" అన్నాడు.

"ముందు వాటాలు తేలనివ్వవయ్యా" అన్నాడు దిగువ వకీలు మెల్లగా.

వందేళ్ళలో డెబ్బై అయిదేళ్ళయినా తప్పక వస్తుందనుకున్న నీరంతా ఎప్పుడో రెండు రాష్ట్రాలకూ పంచేశారు. ఆ అంచనా వానలు దండిగా పడిన పాత సంవత్సరాలదనీ, ఇప్పుడు తనలో అంత నీరు లేదనీ నది మనవి చేసుకుంది. రికార్డును కాదనే అధికారం నదికి లేదన్నారు. చివరికి జాలిపడి ఏటా పదహారు టీఎంసీలు నది వాటాగా రాశారు. నది వేలిముద్ర వేస్తే కాగితాన్ని ఫ్యాను కింద ఆరబెట్టారు. వాటా అందుతోందో లేదో చూడటానికి నదీముఖంలో ఒక కొలబద్ద పాతి, పోలయ్యను అక్కడికి బదిలీ చేశారు. అతని ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆనకట్ట తలుపులు ఎవరూ ఎత్తలేదు. రీడింగు మాత్రం సముద్రం పోటు మీదున్న వేళే తీయాలని ఉత్తర్వు వచ్చింది. మొదటి రోజే కొలబద్ద ఆరడుగులు చూపింది. పోలయ్య దోసిలితో తాగబోయి తుపుక్కున ఉమ్మేశాడు.

"ఇది సముద్రం నీరండీ!"

"రుచి రాయడానికి గడి లేదు పోలయ్యా" అన్నాడు దిగువ ఇంజినీరు. ఎగువ ఇంజినీరు ఆయనతో ఏకీభవించడం అదే మొదటిసారి.

పోలయ్య "అందింది" అని రాశాడు. రెండు సంతకాలూ పడ్డాయి. బావి గురించి మళ్ళీ అర్జీ పెట్టుకుంటే, వాటా పూర్తిగా ముట్టినట్టు అర్జీదారే ధ్రువీకరించాడని కొట్టేశారు. ఇప్పుడు అతని భార్య మరిడమ్మ కూరలో ఉప్పు వేయడం మానేసింది. ఇంట్లో ఎవరూ చప్పగా ఉందనలేదు.