చివరి మూడు రోజులకు పదకొండేళ్ళు

ప్రయాణపు పెట్టెల దుకాణం ముందు వేలాడే ‘చివరి మూడు రోజులు! నలభై శాతం తగ్గింపు!’ అన్న బ్యానరుకు పదకొండేళ్ళు నిండాయి. వెలిసిపోయిందని నాలుగుసార్లు కొత్తగా రాయించారు. మూడు రోజులు మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

లెక్క సులువే. పెట్టె కొన్న ధర పన్నెండు వందలు. అద్దె, జీతాలు, లాభం కలుపుకుంటే పద్దెనిమిది వందలకు అమ్మాలి. అందుకని చీటీ మీద మూడు వేలు వేసి, అందులో పన్నెండు వందలు ఉదారంగా వదులుకునేవారు. మూడు వేలిచ్చి ఆ పెట్టె కొన్న మనిషి ఇంతవరకు పుట్టలేదు.

యజమాని కొడుక్కి ఇది మింగుడుపడలేదు. మోకాళ్ళు అరిగిపోయిన తండ్రి కొట్టు అప్పగించబోతే మొండికేశాడు.

"ఆ దొంగ చీటీలు పీకేస్తేనే గల్లా దగ్గర కూర్చుంటాను నాన్నా. లేదంటే లారీ ఆఫీసులో గుమాస్తా పని ఉంది, పోతాను."

"జనం ధర చూసి రారురా, తగ్గింపు చూసి వస్తారు," అన్నాడు తండ్రి. కానీ ఒక్కగానొక్క కొడుకు. "సరే, నెల రోజులు నీ ఇష్టం."

మర్నాడే బ్యానరు దిగింది. ప్రతి పెట్టెకూ ‘పద్దెనిమిది వందలు, ఒకే ధర’ అన్న చీటీ వేలాడింది. కొనేవాళ్ళు ఇచ్చేది పైసా మారలేదు గనుక జనం ఎగబడతారని కొడుకు అదనంగా ఓ కుర్చీ కూడా వేయించాడు.

ఆ కుర్చీలో తండ్రి కునుకు తీశాడు. వచ్చినవాళ్ళంతా "ఎంత తగ్గిస్తారు?" అని అడిగారు. తగ్గించేది లేదంటే మనసు కష్టపెట్టుకుని ఎదురు కొట్టుకు వెళ్ళారు. అక్కడ నాలుగు వేల చీటీ ఉన్న అదే పెట్టెను సగానికి సగం తగ్గించి ఇస్తే, గెలిచిన ముఖాలతో ఇంటికి మోసుకుపోయారు.

మూడో వారం రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన ఊగిపోతూ వచ్చాడు.

"ఏమయ్యా, మా మేనకోడలి పెళ్ళికి మీ మూడు వేల పెట్టె ఇచ్చాను. చీటీ కూడా పీకకుండా ఇచ్చాను. నిన్న వాళ్ళాయన మీ కొట్టు ముందు నుంచే వెళ్తూ ఈ పద్దెనిమిది వందల చీటీ చూశాడట. నా పరువేం కాను? మోసగాళ్ళు!"

"అప్పుడు కూడా మీరిచ్చింది పద్దెనిమిది వందలే కదండీ?"

"నేనెంతిచ్చానో నాకు తెలుసు. వాళ్ళకెందుకు తెలియాలి?"

చీటీ కూడా సరుకేనని కొడుక్కి అప్పుడు అర్థమైంది. నిజం చెప్పి మోసగాడనిపించుకున్నందుకు మాత్రం కడుపు మండిపోయింది.

"ఓడిపోయాను నాన్నా," అన్నాడు నెలాఖరున.

"నేనూ ఆశపడ్డానురా," అన్నాడు తండ్రి. "నిజం చెప్తుంటే హాయిగానే ఉంది. హాయితో అద్దె కట్టలేం కదా. మళ్ళీ మూడు వేలు రాయి."

కొడుకు పెన్ను తీసి నాలుగు వేల ఐదు వందలు రాశాడు. అరవై శాతం తగ్గింపు. వెళ్ళి గల్లా దగ్గర కూర్చున్నాడు.

ఆ వారమే హెడ్మాస్టరు మళ్ళీ వచ్చాడు. కొత్త చీటీ చూశాడు. మేనకోడలికి తానిచ్చిన పెట్టె ఇంట్లో కూర్చునే ఎంత ఖరీదు పెరిగిందో వేళ్ళమీద లెక్కేసుకుని మురిసిపోయాడు. పద్దెనిమిది వందల చొప్పున రెండు పెట్టెలు కొని, కొడుకు భుజం తట్టాడు.

"ఇప్పుడు దారికొచ్చావు బాబూ. వ్యాపారంలో కావలసింది నిజాయితీ."

వెనక వరుసలో నిలబడ్డవాళ్ళంతా ఔనౌనన్నారు. వాళ్ళలో తమరిని కూడా చూసినట్టు గుర్తు.