మూడో వరుస ఆలస్యంపై విచారణ

తిరుపతిలోని ఉన్నతి ఉన్నత పాఠశాలలో సంగీతం నేర్చుకునే పిల్లలు పాటను ఒకేసారి మొదలుపెట్టడం లేదన్న తీవ్రమైన ఆరోపణపై యాజమాన్యం ఏకసభ్య విచారణ సంఘాన్ని నియమించింది. ఆ ఏకసభ్యుడు యతిరాజులు గారు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాలు హాజరు పట్టీ చూసి, సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. తొమ్మిది దాటి అరనిమిషానికి గుమ్మంలో అడుగుపెట్టినవాణ్ణి చూస్తే ఆయన చెయ్యి ఇప్పటికీ ఎర్రసిరా కోసం వెతుక్కుంటుంది.

ఫిర్యాదు చేసింది స్వయంగా కరస్పాండెంటు దయానంద్ గారు. ఆయన ఒకనాడు వరండాలో నడుస్తూ ఉండగా లోపల ఒక వరుస పిల్లలు పాట అందుకున్నారట. అది సగం కాకముందే రెండో వరుస మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టిందట, ఆ తరవాత మూడోది. పర్యవేక్షణ లోపమని తేల్చుకోవడానికి ఆయనకు అంతకన్నా ఏం కావాలి? సంగీతం పీరియడు తీసేసి ఆ గంటను ప్రవేశ పరీక్షల కోచింగుకు ఇవ్వాలని ఆయన రెండేళ్ళుగా అనుకుంటున్నారు. కారణం ఒక్కటే తక్కువైంది. పీరియడు పోతే, రోజూ చిత్తూరు నుంచి రెండు గంటలు బస్సులో వచ్చి పాఠం చెప్పే ఎస్తేరు టీచరు ఉద్యోగమూ పోతుంది. ఇదంతా యతిరాజులు గారి కలం మీద ఆధారపడి ఉంది.

ఆయన సంగీతద్వేషి అనుకునేరు. కానేకాదు. పొద్దున లేచింది మొదలు ఏదో ఒక కూనిరాగం తీయకపోతే ఆయనకు కాఫీ దిగదు. కాకపోతే పాటంటే ఒక గొంతు, ఒక దారి. ఇద్దరు ఒకేసారి వేర్వేరు స్వరాలు పాడితే అందులో ఒకరు తప్పని ఆయన నిశ్చితాభిప్రాయం. భార్య పెరుందేవి గారు వంటింట్లో పాడుతుంటే ఈయన నడవలో ఆపేస్తారు. ఈయన మొదలుపెడితే ఆమె ఆపేస్తుంది. నలభై ఏళ్ళ అన్యోన్య దాంపత్యం.

మొదటిరోజు ఆయన చేతిగడియారంతో తరగతిలో కూర్చున్నారు. అక్కడే, బల్లమీదే నివేదిక రాసేశారు: "మొదటి వరుస సకాలంలో హాజరు. రెండో వరుస నాలుగు సెకన్లు ఆలస్యం. మూడో వరుస ఎనిమిది సెకన్లు ఆలస్యం. ఆలస్యంగా వచ్చినవారు ఆలస్యంగానే వెళ్ళారన్నది వారి గురించి చెప్పదగిన ఏకైక మంచిమాట. ఉపాధ్యాయురాలు ఆలస్యాన్ని వారించకపోగా, చేయి ఊపి ప్రోత్సహించారు." సాయంత్రానికి ఆ కాగితం ఫైలెక్కింది.

విచారణ నిబంధనల ప్రకారం ఇంకా రెండు రోజులు కూర్చోవాలి. నిబంధన అంటే ఆయనకు ప్రాణం కాబట్టి మర్నాడూ వచ్చారు. పిల్లలు రాకముందే ఎస్తేరు ఆయన ముందు నిలబడింది.

"సార్, ఆ పిలకాయలు ఆలస్యంగా రాలేదు. ఎప్పుడు రావాల్నో అప్పుడే వచ్చినారు. దీన్ని కానన్ అంటారు. ఉన్నది ఒకటే పాట. దాన్ని ఒకరి ఎనక ఒకరు, లెక్కగా దూరం పెట్టుకోని పాడతారు."

"ఆలస్యానికి పేరు పెడితే ఆలస్యం కాకుండా పోతాదా అమ్మా?"

"అయితే ఒక పని చేస్తాము సార్. మీకు నచ్చిన పాట పాడండి. నాలుగు లెక్కలైనాక నేను అదే పాట ఎత్తుకుంటాను."

యతిరాజులు గారు గొంతు సవరించుకుని తన కాఫీ పాట అందుకున్నారు. నాలుగు లెక్కల తరవాత ఎస్తేరు చేరింది. మూడో అడుగుకే రెండు గొంతులూ పంపు దగ్గర బిందెల్లా కొట్టుకున్నాయి. ఆయన చెవులు మూసుకున్నారు.

"సూసినారా! ఆలస్యంగా మొదలుపెడితే ఏ పాటైనా కానన్ అయిపోదు. తన ఎనక తానే నడిచినా కాళ్ళకు అడ్డం పడకుండా, ముందే కట్టాల పాటను."

ఆమె నల్లబల్ల మీద మూడు ముక్కలు రాసింది. సరిగరి. గమపమ. సనిసని. చివరిదాంట్లో నిషాదం కింది స్థాయిది. మొదటి వరుస రెండో ముక్కకు వచ్చేసరికి రెండో వరుస మొదటి ముక్క ఎత్తుకుంటుంది. అప్పుడు స మీద గ, రి మీద మ, గ మీద ప, మళ్ళీ రి మీద మ పడతాయి. అన్నీ పొసిగే జంటలే. మొదటి వరుస మూడో ముక్కకు పోతే రెండోవాళ్ళు రెండో ముక్కలోకి, మూడోవాళ్ళు మొదటి ముక్కలోకి వస్తారు. స, గ, స. రి, మ, ని. నిలువునా చదివితే ఒక కట్టు, అడ్డంగా చదివితే ఒక పాట. రి మ ని దగ్గర కాస్త అసంతృప్తిగా ఆగుతుంది. మళ్ళీ స గ దగ్గరికి రాగానే ఊపిరి పీల్చుకుంటుంది.

ఆయన ఆ నిలువు వరుసలను మూడుసార్లు వేలు పెట్టి చదివారు. ఎర్రసిరాకు అక్కడ పనేమీ కనిపించలేదు.

"మరి నేను ఏది వినాల?" అన్నారు, కొంచెం గొంతు తగ్గించి. "నాకు పాట వినడం వచ్చు. మూడు పాటలు వినడం రాదు."

"మూడూ వినొద్దు సార్. రెండో వరుసలో హంసిని గొంతు ఒకదాన్నే పట్టుకోండి. అది పోయే దారినే పోండి. పక్కనోళ్ళు ఎప్పుడు తగుల్తారో మీకే తెలుస్తాది."

పిల్లలు వచ్చారు, పాడారు. యతిరాజులు గారు హంసిని గొంతు పట్టుకుని నడిచారు. మధ్యలో ఒకచోట ఆమె మీదుగా ఇంకో స్వరం దాటిపోయింది. అది తప్పుగా వినపడలేదు. అందుకు ఆయనకు కోపం కూడా వచ్చింది. అరవై ఏళ్ళు నమ్మినదానికి ఒక ఎనిమిదో తరగతి పిల్ల ఎదురుపడితే ఎవరికైనా వస్తుంది.

మూడోరోజు ఫ్యూగ్. ఈసారి నాలుగు వరుసలు.

"కానన్‌లో ముందువాళ్ళు ఏం పాడితే ఎనకవాళ్ళు మొత్తం అదే పాడాల సార్. తప్పించుకునేది లేదు," అని ఎస్తేరు మొదలుపెట్టింది. "ఫ్యూగ్‌లో తిరిగి తిరిగి వచ్చేది ఒక చిన్న ముక్కే. దాన్ని విషయం అందాం. మిగతాది ఎవరికి తగ్గట్టు వాళ్ళకు కడతారు."

హంసిని ఈసారి మొదటి వరుస. ఆ వరుస ఒంటరిగా విషయం పాడింది. స నుంచి పంచమానికి ఒక దూకు, ఆ తరవాత మెట్లు మెట్లుగా దిగుడు. అది పూర్తికాగానే రెండో వరుస అదే ముక్కను పంచమం నుంచి ఎత్తుకుంది. ఇది జవాబు. స నుంచి ప కు దూకినదాన్ని ఉన్నదున్నట్టు పైకి జరిపితే ప నుంచి పైరిషభానికి దూకాలి. అలా దూకితే పాట తన ఇల్లైన షడ్జాన్ని మరిచిపోతుందని ఈ జవాబును ప నుంచి పైషడ్జానికే దూకించారు. విషయం వెళ్ళిన చోటినుంచి జవాబు ఇంటికి తిరిగి వచ్చిందన్నమాట.

"మరి ముందు పాడినోళ్ళు? పని అయిపోయిందని కూర్చుంటారా?"

"అదే సార్ అసలు సంగతి. వాళ్ళు ఆపరు. జవాబు కింద జోడుపాట పాడతారు. విషయం ఎగిరే చోట ఇది నిలబడతాది, అది నిలబడే చోట ఇది కదుల్తాది. ఎదుటివాళ్ళు చెప్పేది వింటా పాడాల. వినకపోతే జోడు కుదరదు."

మూడో వరుస మళ్ళీ షడ్జం నుంచి, నాలుగో వరుస మళ్ళీ పంచమం నుంచి వచ్చాయి. నాలుగు వరుసలూ వచ్చాక కాసేపు విషయం ఎవరిదగ్గరా లేదు. దాని తోక ముక్కను ఒకరి చేతినుంచి ఒకరు అందుకుంటూ మెట్టు మెట్టుగా దించారు. ఆ తరవాత విషయం వేరే స్థాయిలో మరో ముఖంతో కనపడింది. ఒకసారి తలకిందులై, ఎక్కాల్సినచోట దిగుతూ వచ్చింది. చివరికి ఒకరు ముగించకముందే ఇంకొకరు, వాళ్ళు సగంలో ఉండగానే మరొకరు ఎత్తుకున్నారు. కింది స్థాయి పాడే వరుసలో మునికుమార్, వాడి జట్టూ పంచమాన్ని కదలకుండా పట్టుకుంటే మిగతావాళ్ళంతా దాని మీద అల్లుకుని, అందరూ కలిసి షడ్జంలోకి దిగారు.

యతిరాజులు గారు హంసిని జోడుపాట వెంట పోతూ ఉన్నారు. ఉన్నట్టుండి ఆ పాట కింద, ఎవరూ చూపించకుండానే, విషయం నడుస్తూ వినపడింది. రెండూ ఒకేసారి. ఏ ఒక్కటీ తప్పు కాదు.

"ఇన్నేండ్లూ నేను సగమే విన్నానా తల్లీ," అన్నారాయన. కళ్ళు తుడుచుకుంటూ ఆఫీసు గదికి నడిచారు, తన నివేదికను వెనక్కి తీసుకోవడానికి.

గుమాస్తా మునిరామయ్య ఫైలు తెరిచి చూపించాడు. యతిరాజులు గారి వాక్యాల కింద దయానంద్ గారు "పై అభిప్రాయంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను" అని రాశారు. దాని కింద ఉపాధ్యక్షులు అదే వాక్యాన్ని మరికాస్త పైస్థాయిలో, "నూటికి నూరుపాళ్ళు" చేర్చి రాశారు. దాని కింద కోశాధికారి, ఆయన కింద సభ్యులు. చివరి ఇద్దరూ ఒకరు సంతకం ముగించకముందే ఇంకొకరు అదే కాగితం మీద మొదలుపెట్టారని అక్షరాలే చెబుతున్నాయి.

"ఇంత తొందరగా చదివినారా అప్పా?"

"చదివేది యాడ సార్? మీరు రాసినారు కదా అని సంతకాలు పెట్టినారు. యతిరాజులు గారి పేరుండాది, ఇంక చూసేదేముండాది అన్నారు."

సాయంత్రం సమావేశంలో యతిరాజులు గారు లేచి నిలబడి, తాను పొరపడ్డానని, వచ్చినవాళ్ళు వేళకే వచ్చారని, తనకే వినడం రాలేదని చెప్పారు. విషయం, జవాబు, జోడుపాట, అన్నీ వివరించారు. దయానంద్ గారు శ్రద్ధగా తల ఊపారు.

"మహాశయులారా! కళ అంటే ఈ సంస్థకు ఊపిరి. యతిరాజులు గారి లోతైన పరిశీలనకు నేను శిరసు వంచుతున్నాను. వారు ఎంతో నిష్పక్షపాతంగా తేల్చినట్టు, ఆలస్యం ఆలస్యమే. కాబట్టి కళను గౌరవిస్తూ పీరియడును రద్దు చేద్దాం."

ఉపాధ్యక్షులు లేచి కళ అంటే ఊపిరి అన్నారు. కోశాధికారి లేచి ఊపిరి అన్నారు. యతిరాజులు గారు "నేనంటున్నది అది కాదు" అని నాలుగుసార్లు అన్నారు. ఎవరికీ జోడు కుదరలేదు. తానే ముందు వరుస, తాను పాడింది తనవెనకే అందరూ పాడుతున్నారు, కానన్‌లో ముందువాడు తన స్వరాన్ని వెనక్కి తీసుకోలేడు, ఇదంతా ఆయనకు ఆ కుర్చీలోనే అర్థమైంది.

పీరియడు రద్దయింది. ఎస్తేరుకు శాలువా కప్పారు. తల్లిదండ్రుల వాట్సాప్ బృందంలో మొదట ఒకాయన "చాలా బాధాకరం" అని పెట్టాడు. ఆ తరవాత నూట తొంభైమంది "చాలా బాధాకరం" అని పెట్టారు. టీచరును ఉంచమని అడగడానికి బడికి వచ్చినవారి సంఖ్య సున్న.

ఇప్పుడు ఆదివారాల్లో యతిరాజులు గారు బస్సెక్కి చిత్తూరు పోతున్నారు. అక్కడ ఎస్తేరు వాళ్ళ చర్చి వెనక గదిలో పెద్దవాళ్ళకు పాట నేర్పుతుంది. ఆయనది మూడో వరుస. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కనాడూ ఆలస్యం కాని మనిషి, ఎనిమిది లెక్కలు ఓపికగా ఆగి, ముందువాళ్ళను వింటూ, తన చోట తాను చేరతారు. ఇంట్లో పెరుందేవి గారు వంటింట్లో పాడుతుంటే ఇప్పుడాయన ఆపడం లేదు. కింద జోడు వెతుక్కుంటున్నారు. ఇంకా సరిగ్గా దొరకలేదు.

ఇదంతా చదివి మీరు "అయ్యో, చాలా బాధాకరం" అనబోతున్నారని తెలుసు. అనండి, మీ వరుస వచ్చింది. మీకు ముందు నూట తొంభై ఒక్కమంది అన్నారు.