కలువాయిలో నా క్యాంపు

ఆత్మకూరు నుంచి ఉదయగిరికి ట్రంకు కాల్ కలవడం కన్నా మనిషికి మోక్షం రావడం సులువు. మోక్షానికి ఇంట్లో పడుకుని ఎదురు చూడొచ్చు. ట్రంకు కాల్‌కి పోస్టాఫీసు బల్ల మీదే కూర్చోవాలి. ఆ బల్లకు నల్లులు.

నేను కూర్చున్న కారణం మాత్రం జాతీయ ప్రాముఖ్యం కలది. ముందు రోజు ఆదివారం, ఉదయగిరి సమితి ఆఫీసు టైపిస్టు వసంతకుమారి, నేను బస్టాండు పక్క హోటల్లో కాఫీ తాగాం. పెళ్లిచూపులు కావు. పెద్దలు లేరు, పాట పాడమన్నవాళ్లూ లేరు. ఆమె నాకు నచ్చింది. నేను ఆమెకు నచ్చానో లేదో తెలియదు. బస్సెక్కుతూ "వస్తానండి" అంది. తెలుగువాళ్లు వెళ్లిపోయేటప్పుడు అనే మాటే అది. ఇక మళ్లీ వస్తుందో, పోయినట్టేనో ఎవరికి తెలుసు?

"మూడ్రోజులు పలకబాకరా. ఎగబడితే లోకువైపోతావు," అన్నాడు మా తాలూకాఫీసులో తోటి గుమాస్తా మాల్యాద్రి.

"ఆమె గూడా అట్నే అనుకుంటే?"

"ఇద్దరూ మర్యాదస్తులని పేరొస్తాది."

నాకా పేరు అక్కర్లేదు. నేను నిజాయితీగల ఆధునికుణ్ణి. ఒకే ఒక్క ఫోను చేస్తాను. నిన్న బాగుందని చెప్తాను, మళ్లీ కలుద్దామా అని అడుగుతాను. వద్దంటే హుందాగా ఊరుకుంటాను.

లైను కలిసింది.

"నిన్న మీరు మీ ఆఫీసరు మాదిరి గొంతు మార్చి మాట్లాడినప్పుడు కాఫీ నా ముక్కులోకి పోయిందండీ. భలే బాగుండింది నాకు. వచ్చే ఆదివారం మళ్లీ కలుద్దామా? కుదరకపోతే చెప్పేయండి, ఏమీ అనుకోను."

ఇంతవరకు నేను మహాత్ముణ్ణి.

"వచ్చే ఆదివారం కుదరదండీ. కలువాయిలో మా అక్క కొడుక్కి పుట్టెంట్రుకలు. అందుకని..."

కుదరదు! ఆ తర్వాత మాట వినే ఓపిక నా చెవులకు లేకపోయింది. ఏమీ అనుకోనన్నవాణ్ణి చాలానే అనుకున్నాను.

"నాకూ కుదరదులెండి. ఊరికే అడిగినాను. ఆ రోజు నాకు క్యాంపు ఉండాది."

క్యాంపంటే ఆఫీసర్లు జీపులో పొరుగూళ్లకు వెళ్లడం. గుమాస్తాకు సైకిలే ఉండదు.

"అట్నా? ఆ పై ఆదివారం అయితే వస్తానని చెప్పబోయినాను," అంది నెమ్మదిగా. "క్యాంపు ఏ ఊళ్లో?"

గుండె గంతేసింది. బుర్ర మాత్రం ఆగిపోయింది. అందులో మిగిలిన ఊరు ఒక్కటే.

"కలువాయి."

"మంచిదే అయింది. పని చూసుకుని మా అక్కోళ్లింటికి భోజనానికి రండి. మా నాయన గూడా ఉంటాడు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనాడు. మీ క్యాంపు సంగతులంటే చెవి కోసుకుంటాడు."

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. ఆపరేటరు టైమైపోయిందని లైను తీసేసింది.

అయ్యా, అమ్మా, మీకు పుణ్యముంటుంది. ఆదివారం పూట కలువాయిలో తాలూకాఫీసు గుమాస్తా తనిఖీ చేయదగింది ఏదైనా ఉంటే వెంటనే చెప్పండి. లేకపోతే, నిజాయితీగల ఆధునికుడు నిజం ఎలా చెప్పాలో అదైనా చెప్పండి.