అబ్బే, కాదండి

తన గొంతు ట్రెండింగ్‌లోకి ఎక్కిన మంగళవారం నుంచి ఎరుపల్లి తాతబ్బాయి నోరు తెరిస్తే ఆ ఒక్క ఆడియో తప్ప మరో మాట రావడం మానేసింది. చినగెడ్డపాలెంలో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. పోయిన ఏడాది పాలకేంద్రం కనకరత్నానికీ ఇలాగే అయ్యింది. ఆవిడ "మూతెట్టలేదేటి?" అన్న ఒక్క మాటతో ఎండాకాలమంతా నెట్టుకొచ్చి, జనం ఇంకో ఆడియోకి మళ్ళాక మామూలు మనిషైంది. ఊరి నర్సమ్మ వచ్చి తాతబ్బాయి గొంతులోకి టార్చి వేసి చూసింది. "ఆడియో పేరు పక్కన బాణం గుర్తు పైకి చూస్తున్నంత కాలం ఇంతేనండి. అది పోతే మామూలు మాట దానంతటదే వస్తుంది. గోరువెచ్చటి నీళ్ళు తాగండి" అని చెప్పి, పక్కింటి బీపీ చూడటానికి వెళ్ళిపోయింది.

ఆ మాట పుట్టింది తుపాను మర్నాడు. తాతబ్బాయి తమ్ముడు పోలయ్య వెళ్ళిన బోటు తిరిగి రాలేదు. ఊరంతా ఒడ్డున నిలబడి ఉంది. ఎవరో ఫోనులో లైవ్ పెట్టారు. దూరంగా ఒక బోటు కనబడగానే తాతబ్బాయి ప్రాణం లేచొచ్చి, "అదిగోనండీ! వచ్చేత్తన్నాడు మావోడు!" అని అరిచాడు. బోటు కాస్త దగ్గరికొచ్చింది. దాని రంగు వేరు. కాసేపు అల చప్పుడు, ఒక కాకి. తర్వాత గొంతు దించేసుకుని అన్నాడు, "అబ్బే. కాదండి."

గంటసేపటి ఆ లైవ్‌లోంచి ఎవరో మహానుభావుడు ఈ కాస్త ముక్కా కోశాడు. ముందు ఏడుస్తున్న ఆడవాళ్ళను తీసేశాడు, తర్వాత ఏడ్చిన తాతబ్బాయినీ తీసేశాడు. కాకిని మాత్రం ఉంచాడు. ఆ ముక్కను బిర్యానీ పొట్లం విప్పుతున్న వీడియో కింద పరిచాడు. "వచ్చేత్తన్నాడు మావోడు" దగ్గర గరిటె లోపలికి దిగుతుంది. కాకి అరిచేసరికి లెగ్ పీస్ అనుకున్నది పైకి తేలుతుంది. "అబ్బే, కాదండి" దగ్గర అది బంగాళాదుంప. కింద "ఒరిజినల్ ఆడియో" అని, పక్కన ఆ కోసినవాడి పేరు. తాతబ్బాయి పేరు ఎక్కడా లేదు, ఉండాలన్న రూలూ లేదు.

ఆ పేరు మీద వేలు పెడితే "ఈ ఆడియో వాడండి" అని వస్తుంది. అందరూ వేలు పెట్టారు. కరెంటు వచ్చి పోయింది. వికెట్ పడబోయి క్యాచ్ జారింది. పెళ్ళిచూపులవాళ్ళ కారు పక్కింటి ముందు ఆగింది. వానకోసం చూస్తున్న రైతు మీద మబ్బు తేలిపోయింది. ఒకడు కాకి ఉన్నచోట డప్పు దరువు కలిపాడు, అది ఇంకా బాగా పాకింది. వారం తిరిగేసరికి నవ్వడానికి బొమ్మతో పని లేకుండా పోయింది. "అదిగోనండీ" అని వినగానే జనం ముందే నవ్వు మొదలుపెడుతున్నారు. ఈసారి రానిది ఏమిటో చూడటానికే బొమ్మ.

ఆడియో అన్నిటికీ అతుకుతుంది కాబట్టి తాతబ్బాయికి రోజు గడవడం పెద్ద కష్టం కాలేదు. టీ కొట్టు దగ్గర ఆ మాటే అంటే నవ్వి టీ ఇచ్చేవారు. మంగలి షాపులో అంటే నవ్వి గడ్డం గీసేవారు. ఇంట్లోనే కష్టం. పోలయ్య భార్య మసేనమ్మ ఒక్కతే నవ్వేది కాదు. బావ నోరు తెరిచి "వచ్చేత్తన్నాడు" అన్నప్పుడల్లా, ఆడియో అని తెలిసి కూడా, ఆమె గుమ్మం వైపు చూసేది. అది చూడలేక తాతబ్బాయి ఇంట్లో నోరు కట్టేసుకున్నాడు.

అలాంటి రోజుల్లో పోలయ్య నిజంగానే వచ్చాడు. పొరుగు రాష్ట్రం బోటువాళ్ళు నీళ్ళలోంచి లాగి ఆసుపత్రిలో పడేస్తే, జ్వరం తగ్గాక బతికి బయటపడ్డాడు. కాగితాలన్నీ సముద్రంలో పోయాయి. అందుకని అతన్ని ముందు పట్నంలో తప్పిపోయినవారి నిర్ధారణ కార్యాలయానికి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. తప్పిపోయాడని ఫిర్యాదు ఇచ్చినవాడే వచ్చి, దొరికాడని నోటితో చెప్పాలి. ఫిర్యాదు ఇచ్చింది తాతబ్బాయి.

గదిలోకి అడుగుపెట్టగానే తాతబ్బాయి తమ్ముణ్ణి కావలించుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. సూపరింటెండెంట్ ఛాయాదేవి మర్యాదస్తురాలు, ఆ ఏడుపు పూర్తయ్యేదాకా ఆగింది.

"తాతబ్బాయిగారూ, ఈయన మీ తమ్ముడేనా? నోటితో చెప్పండి. తల ఊపితే చెల్లదు."

తాతబ్బాయి దారిపొడుగునా ఆలోచించుకునే వచ్చాడు. మొదటి సగం చాలు. అక్కడ ఆగిపోతే తమ్ముడు బతికినట్టే. గుండె చిక్కబట్టుకుని నోరు తెరిచాడు.

"అదిగోనండీ! వచ్చేత్తన్నాడు మావోడు!"

వెంటనే రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. కాకి వేళ్ళ సందుల్లోంచి అరిచింది. కోసినవాడు కోసినచోటే మొదలు, కోసినచోటే చివర. మధ్యలో ఆపడానికి గొంతు అతనిదే గాని ఆడియో అతనిది కాదు.

"అబ్బే. కాదండి."

గదంతా నవ్వింది. కసితో కాదు, అలవాటుకొద్దీ. ఛాయాదేవి కూడా పెదవి కొరుక్కుని, "కాదన్నారు" అని రాసుకుంది.

"అమ్మా, అది ఆడియో అమ్మా! ఈయన నా మొగుడు. నే సెప్తన్నాను గదా!" అంది వెంట వచ్చిన మసేనమ్మ.

"ఆడియో అని తెలుసమ్మా. మా పాప కూడా చేసింది. కానీ ఆఖరి మాట కాదనే ఉంది కదా, నేనేం చెయ్యను? బాణం దిగాక తీసుకురండి."

ఈలోగా అటెండరు ఆ కౌగిలింతను ఫోనులో పట్టాడు. అదే ఆడియో వేసి పెట్టాడు. అన్నదమ్ములు అంత ఏడుస్తున్నా, ఆ శబ్దం కింద అది ఎవరినో చూసి తమ్ముడనుకున్న వెర్రివాడి బొమ్మ అయిపోయింది. అప్పటిదాకా చల్లారుతున్న ఆడియో మళ్ళీ రాజుకుంది. బాణం దిగలేదు.

ఊరికి తిరిగొచ్చే బస్సులో పోలయ్య అన్నవైపు తిరక్కుండానే అన్నాడు.

"ఆసుపత్రిలో పక్కమంచం ఆయన ఆ బిర్యానీ వీడియో చూపించాడన్నా. మన బాస రాదు ఆయనకి, అయినా నవ్వాడు. నేనూ నవ్వాను. మళ్ళీ మళ్ళీ ఎట్టించుకుని నవ్వాను. నీ గొంతని ఎప్పటికో గాని పోల్చుకోలేదు."

తాతబ్బాయికి ఆఫీసులో తగలని దెబ్బ ఇక్కడ తగిలింది. జవాబు చెప్పడానికి అతని దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే, అందుకని చెప్పలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

పోలయ్య తన ఇంట్లోనే, పోలయ్య కాని మనిషిగా ఉంటున్నాడు. అతని పేర ఏ పనీ కాదు, బోటు మీద ఎక్కించుకోరు. ఊళ్ళోవాళ్ళు మాత్రం దయగా, "కాదండిగారూ, భోంచేశారా?" అని పలకరిస్తున్నారు. అతనూ పలుకుతున్నాడు.

మళ్ళీ గాలివాన వచ్చింది. ఈసారి పక్కపేట బోటు రాలేదు. ఒడ్డున జనం, జనం వెనక ఫోన్లు. అన్నదమ్ములిద్దరూ వెళ్ళి నిలబడ్డారు. దూరంగా ఒక బోటు చుక్కలా తేలింది. పోలయ్య పక్కన ఒక ముసలమ్మ, కొడుకు కోసం వచ్చింది, రెండు చేతులూ పైకెత్తి నోరు తెరవబోయింది. పోలయ్య గబుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అనకమ్మా. నీ కొడుకొచ్చాక నీకు మాట కావాలి గదా."

ఆమె అతని వంకా, పెదవులు బిగించుకుని ఉన్న తాతబ్బాయి వంకా చూసింది. అర్థమైంది. చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఆమెను చూసి పక్కావిడ, ఆవిడను చూసి మిగతావాళ్ళు. ఒడ్డంతా నోరు మూసుకుని బోటు కోసం చూస్తోంది. వెనక ఫోన్లు పట్టుకున్నవాళ్ళు, ఎవరైనా ఏమైనా అంటారేమోనని, ఓపిగ్గా నిలబడి ఉన్నారు.